జిడ్డు పోవాలి, ముక్కు పోకూడదు

పెళ్లి ఫొటోల్లో ఎక్కువగా చెడేవి నుదురు, ముక్కు. పెళ్లికూతురు చాలాసేపటి నుంచి పీటల మీద కూర్చుని ఉంటుంది. ఎదురుగా హోమగుండం, చుట్టూ వీడియో లైట్లు, ప్రతి నిమిషం ఒక ఫ్లాష్. తలంబ్రాల వేళకు నుదుటి మీద చెమట, ముక్కు కొన మీద జిడ్డు తేరతాయి. ఫొటోలో అవే తెల్లటి మచ్చలుగా పడతాయి. వాటిని సరిచేయడానికి కూర్చున్నవాళ్లు తొందరలో ముఖమంతా నునుపు చేసేస్తారు. మెరుపుతో పాటు ముక్కు ఎత్తు, నుదుటి గుండ్రదనం కూడా పోయి ముఖం చదునుగా తయారవుతుంది. ఆ అమ్మాయిని చిన్నప్పటి నుంచీ ఎరిగిన మేనత్త కూడా ఒక్క క్షణం పోల్చుకోలేని ఫొటోలు అలాగే పుడతాయి.

చర్మం మీద పడిన వెలుతురు రెండు దారుల్లో మన కంటికి చేరుతుంది. కొంత చర్మం లోపలికి దిగి, అక్కడి రంగును పులుముకుని బయటికి వస్తుంది. మనం ఛాయ అనేది దీన్నే. మిగిలింది లోపలికి వెళ్లకుండా పై పొర మీద తగిలి అలాగే వెనక్కి వస్తుంది. దానికి చర్మం రంగు అంటదు, వచ్చిన దీపం రంగే ఉంటుంది. జిడ్డు, చెమట చర్మపు గరుకుదనాన్ని నింపి నున్నగా చేస్తాయి కాబట్టి ఈ రెండో రకం వెలుతురు ఒకే చోట పోగుపడుతుంది. అందుకే జిడ్డు మచ్చ ఎంత కాంతిగా ఉన్నా అందులో రంగు ఉండదు. చూసేవాళ్లకు ఇబ్బంది కలిగించేది వెలుగు కన్నా ఆ రంగు లేకపోవడమే.

అలాగని ఆ మెరుపును పూర్తిగా తుడిచేయడానికి లేదు. ముక్కు ముందుకు వచ్చిందనీ, నుదురు వంపు తిరిగిందనీ మన కన్ను పోల్చుకునేది నీడలతో పాటు ఆ మెరుపును చూసే. కెమెరాకు పోలరైజింగ్ ఫిల్టర్ తగిలించి తిప్పితే చర్మం మీది మెరుపు చాలావరకు పోతుంది. కానీ మరీ ఎక్కువగా తీసేస్తే ముఖం నిర్జీవంగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ముఖపు కాంతికీ, జిడ్డుకూ మూలం ఒకటే. తేడా అంచుల్లో, రంగులో ఉంటుంది. జిడ్డు మచ్చ తెల్లగా, అంచు తెగినట్టు ఉంటుంది. కాంతి వెడల్పుగా పరుచుకుని, చర్మం రంగులోకి మెల్లగా కలిసిపోతుంది. కాబట్టి చేయాల్సిన పని మొదటిదాన్ని రెండోదిగా మార్చడం.

తేలికపాటి గోధుమ రంగు ఛాయ ఉన్న పెళ్లికూతురి ఫొటో ఒకటి తీసుకుందాం. ప్రతి చుక్క రంగునూ కంప్యూటర్ మూడు అంకెల్లో రాసుకుంటుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా ఉంటుంది. నుదుటి మీద మామూలు చర్మం 190, 135, 105 అనుకుందాం. జిడ్డు మచ్చ 245, 232, 225. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయంటే అది దాదాపు తెలుపే. దీన్ని బర్న్ టూల్‌తో నల్లబరిస్తే మూడూ దాదాపు ఒకే పాళ్లలో తగ్గి 208, 197, 191 లాంటి చోటికి వస్తాయి. వెలుగు తగ్గింది గానీ రంగు రాలేదు. నుదుటి మీద బూడిద రాసినట్టు మచ్చ మిగులుతుంది.

దీనికి మంచి దారి ఫొటో మీద ఖాళీ లేయర్ ఒకటి పెట్టడం. ఫొటోషాప్‌లో దాని మోడ్ Darken, జింప్‌లో అయితే Darken only. మచ్చ పక్కనే ఉన్న మంచి చర్మం నుంచి రంగు తీసుకుని, మెత్తటి అంచున్న బ్రష్‌తో మచ్చ మీద పూయాలి. ఈ మోడ్ పూసిన రంగు కన్నా వెలుగుగా ఉన్న చుక్కలనే మారుస్తుంది, ముదురుగా ఉన్నవాటి జోలికి పోదు. 150, 100, 75 ఉన్న స్వేదరంధ్రం అలాగే ఉంటుంది, కాబట్టి చర్మం చర్మంలాగే మిగులుతుంది. పూయడం అయ్యాక లేయర్ ఒపాసిటీని 40 శాతానికి తగ్గించాలి. అప్పుడు మన మచ్చ 223, 193, 177 అవుతుంది. ఎరుపు 22 తగ్గితే ఆకుపచ్చ 39, నీలం 48 తగ్గాయి. అంటే వెలుగు దిగుతూనే చర్మం రంగు తిరిగి వచ్చింది. చుట్టుపక్కల కన్నా కాస్త వెలుగు మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఆ మిగిలినదే నుదుటికి వంపు ఇస్తుంది.

ఈ రంగును మెడ నుంచో చేతుల నుంచో తీసుకోకూడదు. పెళ్లికూతురి ముఖానికి పసుపు రాసి ఉంటారు, ఆ పచ్చదనం ముఖం మీదే ఉంటుంది. ముక్కు నుదుటి కన్నా కొంచెం ఎరుపుగా ఉంటుంది కాబట్టి దాని రంగు దాని పక్క నుంచే తీసుకోవాలి. బాసికం, కల్యాణపు బొట్టు, ముక్కుపుడక మీదికి బ్రష్ పోకుండా మాస్క్ వేయాలి. బాసికం జరీ ఒక్కసారి మసకబారిందంటే ఫొటో మొత్తం పాతబడినట్టు కనిపిస్తుంది.

ముక్కు దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. దూలం పొడవునా దిగే సన్నటి వెలుగు గీత, కొన మీది చిన్న చుక్క, ఈ రెండూ ముక్కుకు ఆకారం ఇచ్చేవి. వాటిని సగం దాకా తగ్గించి వదిలేయాలి. రెక్కల మీదికి పాకిన జిడ్డునే గట్టిగా తగ్గించవచ్చు.

మచ్చ నడుమ 255, 255, 255 అని ఉంటే ఈ పద్ధతి ఒక్కటే చాలదు. అక్కడ కెమెరా ఏమీ రాసుకోలేదు, తగ్గించినా రంధ్రాలు లేని మైనపు పలకలా మిగులుతుంది. ఫొటో రా ఫైలుగా తీసి ఉంటే ముందు అందులో Highlights తగ్గించి చూడాలి. జేపెగ్‌లో పోయిన వివరం అక్కడ దొరకవచ్చు. లేదంటే అదే నుదుటి మీద వెలుతురు మామూలుగా పడిన చోటు నుంచి క్లోన్ టూల్‌తో చర్మపు అల్లికను తెచ్చి, పలచగా పరచాలి.

ముఖం పాలిపోయి, కాంతి కలపాల్సి వస్తే దారి వేరు. ఒక కొత్త లేయర్‌ను సగం బూడిద రంగుతో నింపి మోడ్ Soft Light పెడితే కంటికి ఏమీ మారదు. దాని మీద పెద్ద, మెత్తటి బ్రష్‌తో, ఫ్లో 3 నుంచి 5 శాతం మించకుండా తెలుపు పూస్తూ పోవాలి. చెంప ఎముకల పైభాగం, నుదుటి నడుమ, ముక్కు దూలం, ఇలా వెలుతురు ముందే పడిన చోట్లే పూయాలి. దీపం కుడివైపు ఉంటే ఎడమ చెంపను వెలిగించడం అబద్ధం. ముఖమంతా తెల్లబరచడం అంతకన్నా పెద్ద అబద్ధం. చామనఛాయ ముఖానికి కాంతి ఆ చామనఛాయలోనే ఉంటుంది, దాన్ని చెరిపేసే హక్కు ఫొటో దిద్దేవాళ్లకు లేదు.

పని సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అన్నిటి కన్నా పైన ఒక నలుపు తెలుపు లేయర్ పెట్టి, ఫొటోను అరచేతి అంత చిన్నది చేసి చూడాలి. రంగు మాయ పోయాక ముక్కు ముఖం నుంచి ముందుకు కనిపిస్తే సరే. చెంపల్లో కలిసిపోయినట్టుంటే 40 శాతాన్ని 30కి దించాలి. తర్వాత ఆల్బమ్ మొత్తం ఇవ్వకముందే ఒక్క పేజీ అచ్చు తీయించడం మేలు. తెర తానే వెలుగు చిమ్ముతుంది, కాగితం పడిన వెలుగుతోనే కనిపిస్తుంది. తెర మీద కాస్త ఎక్కువైందేమో అనిపించిన మెరుపు, కాగితం మీద చాలాసార్లు సరిపోతుంది.