తప్పు పిల్లలదా, ప్రశ్నదా?

తెలంగాణలోని ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి పిల్లలు 40 మంది పఠనావగాహన పరీక్ష రాశారనుకుందాం. పిల్లలు ముందెప్పుడూ చదవని ఒక పేరా ఇచ్చి, దాని మీద నాలుగేసి జవాబులున్న బహుళైచ్ఛిక ప్రశ్నలు 20 అడిగారు. పేరా గొలుసుకట్టు చెరువుల గురించి. కట్ట నీటిని ఆపుతుంది. తూము తెరిస్తే నీరు కాలువల్లోంచి పొలాలకు పారుతుంది. చెరువు నిండితే మిగులు నీరు అలుగు దూకి కింది చెరువుకు చేరుతుంది. పేరాలో ఉన్నది ఇంతే.

పేపర్లు దిద్దాక టీచరు సాధారణంగా చేసే పని ఒక్కో విద్యార్థికి ఎన్ని మార్కులొచ్చాయో కూడి రిజిస్టరులో వేయడం. అవే జవాబులను ఇంకో వైపు నుంచీ కూడవచ్చు. పిల్లవాడి వరుసలో కాకుండా ప్రశ్న నిలువులో లెక్కపెడితే, ఈసారి పరీక్షకు నిలబడేది ప్రశ్నలు.

మొదటి లెక్క చాలా చిన్నది. ఒక ప్రశ్నకు సరైన జవాబు రాసినవాళ్ల సంఖ్యను మొత్తం పిల్లల సంఖ్యతో భాగించాలి. దీన్ని కాఠిన్య సూచిక అంటారు. అంకె 1కి దగ్గరైన కొద్దీ ప్రశ్న సులువైనట్టు, 0కి దగ్గరైన కొద్దీ కష్టమైనట్టు. నాలుగు జవాబులున్న ప్రశ్నకు అందరూ గుడ్డిగా టిక్కు పెట్టినా నలుగురిలో ఒకరికి సరిపోతుంది కాబట్టి, 0.25 దగ్గర ఆగిన ప్రశ్న పిల్లల అవగాహన గురించి దాదాపు ఏమీ చెప్పనట్టే.

మన పరీక్షలో మూడు ప్రశ్నలు చూద్దాం. చెరువు నీటిని ప్రధానంగా దేనికి వాడతారన్నది ఒకటో ప్రశ్న. 38 మంది సరిగ్గా రాశారు, సూచిక 0.95. చెరువు నుంచి నీరు బయటికి వెళ్లే దారి ఏదన్నది రెండోది. టీచరు అనుకున్న జవాబు తూము. 15 మంది అది రాశారు, సూచిక 0.38. ఎగువ చెరువు కట్ట తెగితే మొదట ఏ చెరువుకు ప్రమాదమన్నది మూడోది. ఈ జవాబు పేరాలో ఎక్కడా నేరుగా లేదు, రెండు వాక్యాలను కలిపి ఆలోచిస్తేనే దొరుకుతుంది. 14 మంది రాయగలిగారు, సూచిక 0.35.

ఇక్కడితో ఆగితే రెండో ప్రశ్న, మూడో ప్రశ్న ఒకేలా కనిపిస్తాయి. రెండూ కష్టమైనవే, పిల్లలకు ఇంకా సాధన కావాలి అనుకుని వదిలేస్తాం. నిజానికి వాటిలో ఒకటి మంచి ప్రశ్న, ఒకటి చెడ్డది. ఎంతమంది తప్పారన్న లెక్కలో ఈ తేడా దొరకదు. ఎవరు తప్పారో చూడాలి.

అందుకు జవాబు పత్రాలను మొత్తం మార్కుల ప్రకారం పైనుంచి కిందికి పేర్చి, పై నుంచి 27 శాతం, కింది నుంచి 27 శాతం తీసుకుంటారు. ఈ 27 శాతం కొలత అమెరికా విద్యా గణాంకవేత్త ట్రూమన్ కెల్లీ 1939లో ప్రచురించిన వ్యాసం నుంచి వాడుకలోకి వచ్చింది. రెండు గుంపుల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి, ఒక్కో గుంపులో తగినంత మందీ ఉండాలి. ఈ రెండూ కుదిరే చోటు అది. 40 మందిలో 27 శాతమంటే పైన 11 మంది, కింద 11 మంది. పై గుంపులో సరిగ్గా రాసినవాళ్ల సంఖ్య నుంచి కింది గుంపు సంఖ్యను తీసేసి 11తో భాగిస్తే వచ్చేది విచక్షణా సూచిక. బాగా చదివే పిల్లలనూ తడబడే పిల్లలనూ ఆ ప్రశ్న ఎంతవరకు విడదీసిందో అది చెబుతుంది.

మూడో ప్రశ్నను పై గుంపులో 8 మంది సరిగ్గా రాస్తే, కింది గుంపులో ఒక్కరే రాశారు. తేడా 7, సూచిక 0.64. కష్టమైనా నిఖార్సైన ప్రశ్న. దాన్ని ఉంచుకోవాలి, అలా రెండు వాక్యాలను కలిపి చదవడం తరగతిలో నేర్పాలి. రెండో ప్రశ్నలో కథ తిరగబడింది. పై గుంపులో ముగ్గురు, కింది గుంపులో అయిదుగురు సరిగ్గా రాశారు. సూచిక సున్నా కన్నా కిందికి, మైనస్ 0.18కి పడిపోయింది. బాగా చదివేవాళ్లే ఎక్కువగా తప్పారంటే ముందు అనుమానించాల్సింది ప్రశ్ననూ, టీచరు దగ్గరున్న కీనీ.

ఆ అనుమానం తీర్చేది మూడో లెక్క. ఏ జవాబును ఎంతమంది ఎంచుకున్నారో చూడాలి. రెండో ప్రశ్నకు తూము అన్నవాళ్లు 15, అలుగు అన్నవాళ్లు 18, కట్ట అన్నవాళ్లు 4, శిఖం అన్నవాళ్లు 3. పై గుంపులో తప్పిన 8 మందీ అలుగే రాశారు. వాళ్లను పిలిచి ఎందుకు రాశావని అడిగితే పేరాలోని వాక్యాన్నే చూపిస్తారు: నిండిన చెరువు నుంచి నీరు అలుగు మీదుగా పోతుంది కదా సార్! వాళ్ల మాట నిజమే. తూములోంచీ నీరు బయటికే వెళ్తుంది, అలుగు మీదుగానూ బయటికే వెళ్తుంది. పేరాను పూర్తిగా చదివినవాళ్లకు రెండు జవాబులు కనిపించాయి, సగం చదివి తూము దగ్గర ఆగినవాళ్లకు మార్కు దక్కింది. పొలాలకు నీళ్లు వదలాలంటే దేన్ని తెరుస్తారని అడిగి ఉంటే జవాబు ఒక్కటే ఉండేది.

ఇక ఒకటో ప్రశ్న. పై గుంపులో 11 మందీ, కింది గుంపులో 10 మందీ సరిగ్గా రాశారు, సూచిక 0.09. అందరూ రాసిన ప్రశ్న ఎవరినీ విడదీయలేదు కాబట్టి ఈ అంకె చిన్నగానే వస్తుంది. అంతమాత్రాన అది చెడ్డ ప్రశ్న కాదు. పేరా తేలిగ్గా అర్థమై అందరూ రాసి ఉంటే, పిల్లలకు ధైర్యమిచ్చే మొదటి ప్రశ్నగా ఉంచవచ్చు. పేరా చదవకుండానే రాసి ఉంటే మాత్రం అది పఠనావగాహన ప్రశ్నే కాదు. ఈ తేడా తెలియాలంటే అదే ప్రశ్నలను పక్క సెక్షనుకు పేరా లేకుండా ఇచ్చి చూడాలి. పేరా చూడని పిల్లలు కూడా నలుగురిలో ముగ్గురు సరిగ్గా రాస్తే, ఆ ప్రశ్న కొలిచింది చదువును కాదు, ఇంట్లోనో ఊళ్లోనో తెలిసిన సంగతిని.

ఈ లోపం పెద్ద పరీక్షలకూ తప్పలేదు. స్టువార్ట్ కాట్జ్ బృందం 1990లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా ఎస్‌ఏటీ పరీక్షలోని పఠన ప్రశ్నలను కొందరు విద్యార్థులకు పేరాలు లేకుండా ఇచ్చారు. గుడ్డిగా టిక్కు పెడితే వచ్చే దానికన్నా వాళ్లకు ఎక్కువే వచ్చాయి. మన చెరువు పేరాకు ఇది ఇంకా ముఖ్యం. ఊరి చెరువు కట్ట మీదుగా బడికి వచ్చే పిల్లకు తూమూ అలుగూ పేరా చదవకముందే తెలుసు. నగరంలో అపార్ట్‌మెంటులో పెరిగిన పిల్లవాడు పేరా మీదే ఆధారపడాలి. ఒకే ప్రశ్నకు రెండు బడుల్లో రెండు సూచికలొస్తే, చదవడంలో తేడా ఉందని తీర్పు చెప్పే ముందు ఈ కారణాన్ని చూడాలి.

అంకెల పరిమితినీ గుర్తుంచుకోవాలి. 11 మంది గుంపులో ఇద్దరు ఇటు మారితే మైనస్ 0.18 కాస్తా సున్నా అవుతుంది. ఒక్క తరగతి లెక్కతో ప్రశ్న తప్పని తేల్చలేం. ఫలానా ప్రశ్నను మళ్లీ చదవండి అని మాత్రమే సూచిక చెబుతుంది. తప్పు ఎక్కడుందో తేలేది ప్రశ్ననూ పేరానూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, పిల్లల్ని కారణం అడిగినప్పుడు. రెండు మూడు సెక్షన్ల జవాబులు కలిపితే అంకె మీద నమ్మకం పెరుగుతుంది.

లోపం తేలాక మార్కుల సంగతి మిగులుతుంది. రెండో ప్రశ్నకు అలుగు కూడా పేరా ప్రకారం సరైనదే కాబట్టి, ఆ 18 మందికీ మార్కు కలపాలి. జవాబే తేలని ప్రశ్న అయితే దాన్ని అందరి లెక్కలోంచీ తీసేయాలి. 2012లో న్యూయార్క్ రాష్ట్రం అదే చేసింది. ఎనిమిదో తరగతి పఠన పరీక్షలో ఒక అనాసపండుకూ కుందేలుకూ పరుగు పందెం పెట్టిన కథ మీద అడిగిన ఆరు ప్రశ్నలు అర్థం కావడం లేదని విమర్శలు రావడంతో, విద్యాశాఖ వాటిని మార్కుల లెక్కలోంచి తొలగించింది. మన టీచరు అంత దూరం వెళ్లాల్సిన పని లేదు. ప్రశ్న, దాని రెండు సూచికలు, ఏ జవాబును ఎంతమంది ఎంచుకున్నారన్నది ఒక నోటుబుక్కులో రాసుకుంటే చాలు. వచ్చే ఏడాది పేపరు తయారుచేసేటప్పుడు ఏ ప్రశ్న ఉంచాలో, ఏది మార్చి రాయాలో ఆ పేజీ చెబుతుంది.