ఐటీ తగ్గించి, బ్యాంకులు పెంచి: సెక్టార్ రొటేషన్ పనిచేసే తీరు

2022లో నిఫ్టీ 50 సూచీ ఏడాది మొత్తానికి నాలుగు శాతం పెరిగింది. ఆ అంకె చూస్తే స్తబ్దుగా గడిచిన ఏడాది అనిపిస్తుంది. అదే ఏడాది నిఫ్టీ బ్యాంక్ సుమారు 21 శాతం పెరిగింది, నిఫ్టీ ఐటీ దాదాపు 26 శాతం పడింది. ఆర్థిక వ్యవస్థ ఒక దశ నుంచి మరో దశకు వెళ్లేకొద్దీ మదుపరుల మొగ్గు ఇలా రంగం నుంచి రంగానికి మారడాన్నే సెక్టార్ రొటేషన్ అంటారు.

దీనికి అందరూ చెప్పే లెక్క ఒకటుంది. ఆర్థిక వ్యవస్థ కోలుకునేటప్పుడు బ్యాంకులు, వాహనాలు ముందుంటాయి. ఊపు ముదిరి ధరలు మండేటప్పుడు లోహాలు, చమురు. మందగమనం వస్తే మందులు, సబ్బులు అమ్మే కంపెనీలు, ఎందుకంటే వాటిని కొనడం ఎవరూ మానుకోరు. అయితే అనుభవమున్న ట్రేడర్ ఈ పట్టికను కంఠతా పట్టి ఊరుకోడు. వడ్డీ, ధరలు మారితే ఏ రంగం లాభం ఎటు కదులుతుంది, ఎంత త్వరగా కదులుతుంది అని చూస్తాడు.

2022 మే 4న రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 4 శాతం నుంచి 4.40కి పెంచింది. 2023 ఫిబ్రవరికి అది 6.50కి చేరింది. కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహ రుణాలను రెపో వంటి బయటి ప్రామాణికానికి ముడిపెట్టాలని బ్యాంకులకు 2019 అక్టోబర్ నుంచే నిబంధన ఉంది. అందువల్ల రెపో పెరిగిన మూడు నెలల్లోపే ఆ రుణాల వడ్డీ పెరుగుతుంది. రెండేళ్లకు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు మాత్రం గడువు తీరేదాకా పాత వడ్డీయే. రాబడి ముందు పెరిగి ఖర్చు వెనక పెరిగే ఆ నడిమి కాలంలో బ్యాంకు మార్జిన్ విస్తరిస్తుంది. కోవిడ్ తర్వాత అప్పులకు గిరాకీ కూడా పుంజుకోవడంతో బ్యాంకులకు రెండు వైపులా కలిసొచ్చింది.

ఐటీ పరిస్థితి దీనికి తలకిందులు. ఆ కంపెనీల ఆదాయంలో పెద్ద భాగం అమెరికా, యూరప్ ఖాతాదారులది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ కూడా 2022లోనే వడ్డీలు వేగంగా పెంచింది. వడ్డీ పెరిగితే ఎప్పుడో రాబోయే లాభాలకు ఈరోజు కట్టే విలువ తగ్గుతుంది. 2021 ర్యాలీతో అప్పటికే ఖరీదైన షేర్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, 2022లో పెద్ద ఐటీ కంపెనీల ఆదాయాలు పెరుగుతూనే ఉన్నాయి. మందగమనం ఫలితాల్లో కనపడేదాకా షేరు ధర ఆగలేదు.

ఈ మార్పును పట్టుకోవడానికి ట్రేడర్లు రంగం సూచీని నిఫ్టీతో భాగించి చూస్తారు. ట్రేడింగ్‌వ్యూలో NSE:BANKNIFTY/NSE:NIFTY అని కొడితే ఆ గీత వస్తుంది. వారాల తరబడి గీత పైకి పోతుంటే, మార్కెట్ పెరిగినా తగ్గినా బ్యాంకులు దానికంటే మెరుగ్గా ఉన్నట్టు. వడ్డీ కథ, ఈ గీత రెండూ ఒకే మాట చెప్పినప్పుడే వాటా మారుస్తారు.

మార్చడమంటే ఐటీ మొత్తం అమ్మేయడం కాదు. పది లక్షల పెట్టుబడిలో బ్యాంకులు 35 శాతం, ఐటీ 18 శాతం ఉన్నాయనుకుందాం. ఐటీని 12కి దించి బ్యాంకులను 41కి పెంచితే చేతులు మారేది 60,000 రూపాయలు. ఐటీ 25 శాతం పడి బ్యాంకులు 20 శాతం పెరిగితే ఆ 60,000 మీద 15,000 నష్టం తప్పుతుంది, 12,000 లాభం వస్తుంది. మొత్తం పెట్టుబడి మీద ఇది 2.7 శాతం మెరుగు. అంచనా తప్పినా నష్టం ఈ స్థాయిలోనే ఉంటుంది. ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభంపై ఇప్పుడు 20 శాతం పన్ను ఉంది కాబట్టి చీటికీమాటికీ మారిస్తే ఈ మెరుగు కరిగిపోతుంది.

దశను ముందే గుర్తించడం కష్టం. అమెరికాలో కోవిడ్ మాంద్యం 2020 ఏప్రిల్‌లో ముగిసిందని అక్కడి అధికారిక కమిటీ ప్రకటించింది 2021 జూలైలో. మార్కెట్ మాత్రం 2020 మార్చిలోనే అడుగు తాకి లేచింది. ఆర్థిక చక్రంతో సంబంధం లేని దెబ్బలూ ఉంటాయి. 2022 మేలో కేంద్రం ఉక్కు ఎగుమతులపై 15 శాతం సుంకం వేయగానే ఉక్కు షేర్లు ఒక్క రోజులో కుప్పకూలాయి.

బయటపడే వేళ తెలియడం ఇంకా ముఖ్యం. డిపాజిట్ల వడ్డీలు రుణాల వడ్డీలను అందుకోవడం మొదలైతే బ్యాంకులకు కలిసొచ్చిన ఆ నడిమి కాలం అయిపోయినట్టే. బ్యాంకులు పోటీపడి ఎఫ్‌డీ రేట్లు పెంచుతున్నాయా, మూడు నెలల ఫలితాల్లో నికర వడ్డీ మార్జిన్ తగ్గుతోందా అన్నవి చూడాల్సిన గుర్తులు. 2023లో జరిగింది అదే. ఆ ఏడాది నిఫ్టీ ఐటీ సుమారు 24 శాతం పెరిగితే నిఫ్టీ బ్యాంక్ దాదాపు 12 శాతమే పెరిగింది. అందుకే వాటా పెంచిన రోజే, ఏ గుర్తు కనిపిస్తే తిరిగి తగ్గించాలో కూడా రాసి పెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ ఐటీ షేర్లే దాచుకున్నవారు ఇంకొకటి చూసుకోవాలి. వారి జీతం, పొదుపు రెండూ ఒకే చక్రం మీద ఉన్నాయి. ఏ దశ నడుస్తున్నా ముందు తగ్గించుకోవాల్సింది ఆ వాటానే.