647 మంది కార్మికులు, 301 ప్రమాదాలు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఫిరంగి గుండ్లు తయారుచేసే కర్మాగారాల్లో స్త్రీలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. వారిలో 647 మందికి 5 వారాల్లో జరిగిన ప్రమాదాల లెక్క గణాంకశాస్త్రంలో ప్రసిద్ధికెక్కింది. 447 మందికి ఒక్క ప్రమాదమూ జరగలేదు. 132 మందికి ఒకటి, 42 మందికి రెండు జరిగాయి. మిగిలిన 26 మందికి మూడో, అంతకన్నా ఎక్కువో. అన్నీ కలిపితే 301 ప్రమాదాలు. తలకు సగటు 0.465.

ప్రమాదమంటే కేవలం దురదృష్టమేనా? అలాగే అనుకుందాం. అందరికీ ముప్పు సమానం, ఒక ప్రమాదానికీ మరో ప్రమాదానికీ సంబంధం లేదు. అలాంటప్పుడు ఎంతమందికి ఎన్ని ప్రమాదాలు జరగాలో పాయిజాన్ సూత్రం చెబుతుంది. దానికి సగటు ఒక్కటి తెలిస్తే చాలు. ఈ సూత్రానికి ఒక గుర్తు ఉంది: లెక్కలు ఎంత చెదిరి ఉన్నాయో కొలిచే విస్తృతి, సగటుతో సమానంగా ఉండాలి. ఇక్కడ మాత్రం సగటు 0.465 అయితే విస్తృతి 0.69. సూత్రం ప్రకారం ప్రమాదం జరగనివారు 406 మంది ఉండాలి. నిజానికి 447 మంది ఉన్నారు. మూడు, ఆపైన ప్రమాదాలు జరిగినవారు 8 మందే ఉండాలి. ఉన్నది 26 మంది. రెండు కొసల్లోనూ జనం ఎక్కువయ్యారు, మధ్యలో తగ్గారు.

మేజర్ గ్రీన్‌వుడ్, ఉడ్నీ యూల్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1920లో ఈ చిక్కును విప్పారు. (మేజర్ అన్నది సైనిక హోదా కాదు, ఆయన పేరే.) అందరికీ ముప్పు సమానం అన్న ఊహను వాళ్లు వదిలేశారు. ఆ ఒక్క మార్పు ఏం చేస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. కార్మికుల్లో సగం మందికి సగటు ముప్పు 0.1, మిగతా సగానికి 0.83 అనుకోండి. మొత్తం సగటు మళ్లీ 0.465 చుట్టుపక్కలే. ఒక్కో గుంపులో పాయిజాన్ సూత్రమే నడుస్తుంది. అయినా రెండు గుంపుల్నీ కలిపి లెక్కిస్తే ప్రమాదం జరగనివారు 434కు పెరుగుతారు, మూడు, ఆపైన జరిగినవారు 17కు పెరుగుతారు. తక్కువ ముప్పు ఉన్నవారు సున్నా వైపు చేరతారు, ఎక్కువ ముప్పు ఉన్నవారు పైకొసకు వెళతారు.

నిజానికి మనుషులు రెండే గుంపులుగా ఉండరు; ముప్పు ఒకరి నుంచి మరొకరికి కొద్దికొద్దిగా మారుతుంది. ఆ మార్పును గామా అనే వక్రరేఖతో చూపవచ్చు. ముప్పు ఎప్పుడూ సున్నాకు దిగువన ఉండదు కాబట్టి ఆ వక్రమూ సున్నా దగ్గరే మొదలవుతుంది. ఈ కర్మాగారం లెక్కలకు సరిపోయే వక్రంలో ఎక్కువమంది తక్కువ ముప్పు దగ్గరే ఉంటారు. ముప్పు పెరిగేకొద్దీ జనం పలచబడతారు. ఒక్కొక్కరి ముప్పు గామా నుంచి వస్తే, ఆ ముప్పును బట్టి ప్రమాదాలు పాయిజాన్ ప్రకారం జరిగితే, చివరికి తేలే లెక్కే నెగటివ్ బైనామియల్.

| ప్రమాదాలు | జరిగినది | పాయిజాన్ | నెగటివ్ బైనామియల్ |
|---|---|---|---|
| 0 | 447 | 406 | 443 |
| 1 | 132 | 189 | 139 |
| 2 | 42 | 44 | 44 |
| 3, ఆపైన | 26 | 8 | 21 |

అదనపు విస్తృతి ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఇప్పుడు తేలిపోయింది. మొత్తం 0.69లో 0.465 కేవలం అదృష్ట దురదృష్టాల వాటా. అది ఎలాగూ ఉంటుంది. మిగిలిన 0.225 మనిషికీ మనిషికీ ముప్పులో ఉన్న తేడా వాటా. అందరికీ ముప్పు ఒకటే అయితే ఆ రెండో వాటా సున్నా అవుతుంది, పాయిజాన్ తిరిగి వస్తుంది.

ఈ నమూనా భవిష్యత్తును కూడా అంచనా కడుతుంది. 5 వారాల్లో మూడు ప్రమాదాలు జరిగిన స్త్రీకి తర్వాతి 5 వారాల్లోనూ మూడు జరుగుతాయని అనుకోకూడదు. ముప్పు మారకపోతే ఆమెకు ఆశించాల్సిన సగటు సుమారు 1.3. ఒక్కటీ జరగని స్త్రీకి అది 0.31, సున్నా కాదు. మూడింటిలో కొంత ఆమె ముప్పు, కొంత ఆమె దురదృష్టం. ఒక్కరి లెక్కను చూసి ఆ రెంటినీ విడదీయలేం. అందరి లెక్కనూ కలిపి చూస్తే ఎంత నమ్మవచ్చో తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇదే నెగటివ్ బైనామియల్ వేరే దారిలోనూ రావచ్చు. మొదట అందరికీ ముప్పు సమానంగానే ఉండి, ఒక ప్రమాదం జరిగాక భయంతోనో గాయంతోనో తర్వాతి ప్రమాదానికి అవకాశం పెరిగినా లెక్క ఇలాగే తేలవచ్చు. మొత్తాల పట్టిక ఈ రెండు కారణాల్లో ఏది నిజమో చెప్పలేదు. తేడా మనుషుల్లోనే ఉందనీ అనలేం. ఒకరికి ప్రమాదకరమైన యంత్రం, మరొకరికి సురక్షితమైన బల్ల దక్కి ఉండవచ్చు. కాబట్టి విస్తృతి సగటును బాగా మించిన లెక్క కనిపిస్తే ముందు ఎవరెవరు ఏ యంత్రం దగ్గర, ఏ షిఫ్టులో పనిచేశారో అడగండి. ఆ వివరాలు చూడకుండా ఎవరినీ ‘ప్రమాదాలు తెచ్చుకునే మనిషి’ అనకండి.