ముందున్నవాళ్ళ లైట్ బిల్లు: అడగడమెలా?

సోలాపూర్ పూర్వ భాగంలో ఒక ఇల్లు. ముందర ఇంటామె ఉంటుంది, వెనక రెండు ఖోలీలు భాడకిస్తుంది. ఆమె భర్త గిరణిలో చేసి పోయాడు. ఆమె బీడీలు చుడుతుంది, కొడుకు పుణేలో ఉంటాడు. ఖోలీ భాడ నెలకు 2,500. పోయిన ఏడాది వానాకాలంలో ఆ ఇంట్లో ఒక లైట్ బిల్లు చుట్టూ జరిగిన సంగతిని, ఇద్దరి ఒప్పుదలతో, పేర్లు లేకుండా రాస్తున్నాను. మన చాళల్లో, వాడల్లో నెలకొక ఇంట్లోనైనా ఇలాంటిది నడుస్తూనే ఉంటుంది.

వెనక ఖోలీలో ఉన్న కుటుంబం జూన్ 9న ఖాళీ చేసింది. పోయేరోజే ఇంటామె వాళ్ళ డిపాజిట్ 3,000 లెక్కపెట్టి చేతిలో పెట్టింది. 12న కొత్తవాళ్ళు దిగారు. ఆయన టవల్ కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు, ఆమె ఇంట్లోనే బీడీలు చుడుతుంది. ఇద్దరు పిల్లలు. నెల తిరిగి జూలై బిల్లు వచ్చింది. ఎప్పుడూ ఏడెనిమిది వందలు దాటని మీటరుకు 3,348 రూపాయలు.

ఇంటామె మొదట చేసిన పని ఏమిటంటే, ఆ బిల్లును పక్కింటి పిల్లవాడి చేతికిచ్చి "వెనక ఖోలీలో ఇచ్చిరా" అని పంపింది. అంతే. పిల్లవాడు ఇచ్చాడు. ఖోలీలో ఆమె అంకె చూసి గుండె జారింది. సాయంత్రానికి నల్లా దగ్గర నలుగురి ముందు ఆమె నోట మాట జారింది, "నెల రోజులకు మూడు వేలా? మేమేమన్న కరెంటు తింటున్నమా?" ఇంటామె చెవిన పడింది. ఆమెకూ రోషం వచ్చింది, "నేనేమన్న దొంగ బిల్లు రాసిన్నా?" అని. మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ఇక్కడ ఎవరి తప్పూ లేదు. అసలు చిక్కు బిల్లు కాగితంలోనే ఉంది. ఆ కాగితం మీద ఒకే పేరు ఉంటుంది, మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ళది. లోపల ఎవరు కాల్చారు, ఎప్పుడు దిగారు, ఎప్పుడు పోయారు అన్నది దానికి తెలియదు. పాత బాకీని, కొత్త వాడకాన్ని కలిపి కింద ఒకే మొత్తం వేస్తుంది. పైగా కరెంటు ముందు కాలుతుంది, బిల్లు తర్వాత వస్తుంది. ఖోలీ ఖాళీ చేసేవాడు పోయే రోజున అతని చివరి నెల బిల్లు ఇంకా పుట్టనే లేదు. కాబట్టి నిజాయితీగా బతికేవాడు కూడా కొంత బాకీ వెనక వదిలే పోతాడు.

నాలుగో రోజు ఇంటామె బిల్లు పట్టుకుని తానే వెనక ఖోలీకి పోయింది. ఈసారి మొత్తం అంకె చూపించలేదు. మొదట "థకబాకీ" అని రాసిన గడి మీద వేలు పెట్టింది. అక్కడ 2,340 ఉంది. "బిడ్డా, ఇది మీరు రాకముందుది. మీది కాదు. ముందుగాల ఇది చెప్పకుండ బిల్లు పంపుడు నాదే పొరపాటు" అంది. ఆ ఒక్క మాటతో ఖోలీలో ఆమె పీట వేసింది, కూర్చోమంది.

తర్వాత ఇద్దరూ కలిసి ఈ నెల వాడకం చూశారు. బిల్లులో మాగీల్ రీడింగ్, అంటే జూన్ 5న మీటరు మీదున్న అంకె, 4290. చాలూ రీడింగ్, జూలై 5ది, 4402. రెంటికీ తేడా 112 యూనిట్లు, ఈ నెల బిల్లు 1,008 రూపాయలు. అయితే కొత్తవాళ్ళు దిగింది 5న కాదు, 12న. ఆ రోజు సామాను దించేటప్పుడు ఆయన మీటరు చూసి తలుపు వెనక సుద్దముక్కతో 4306 అని రాశాడు. కార్ఖానాలో సాంచా మీద పిక్కులు రాసుకునే అలవాటు! ఆ సుద్దగీతే అందరి మానం కాపాడింది. 4290 నుంచి 4306 దాకా 16 యూనిట్లు వాళ్ళు రాకముందువి. 4306 నుంచి 4402 దాకా 96 యూనిట్లు వాళ్ళవి.

1,008ని 112తో భాగిస్తే యూనిట్‌కు 9 పడుతుంది. వాళ్ళ 96కి 864 రూపాయలు, ముందటి 16కి 144. ఇది బంగారం తూచినట్టు లెక్క కాదు. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటుకు మొదటి వంద యూనిట్ల దాకా ఒక ధర, వంద దాటితే పై యూనిట్లకు ఎక్కువ ధర. ఆ 16 యూనిట్లు కలవబట్టే బిల్లు వంద దాటింది. స్థిర ఆకారం కూడా అందులో ఉంది. పట్టుబడితే కొత్తవాళ్ళ వాటా ఇంకొంచెం తగ్గుతుంది. ఆ సంగతి ఖోలీ ఆయనే అన్నాడు, అని తానే వదిలేశాడు. "పది ఇరవై కాడ ఏం లొల్లి అత్తమ్మా" అన్నాడట.

అంటే పాతది 2,340, దానికి 144 కలిపి 2,484 కొత్తవాళ్ళది కాదు. ఇప్పుడు అసలు అడగవలసిన మాట వచ్చింది. ఇంటామె దగ్గర ఆ డబ్బు లేదు. పాతవాళ్ళ డిపాజిట్ తిరిగి ఇచ్చేసింది. కొత్తవాళ్ళ డిపాజిట్ పత్ర్యాలు మార్చడానికి, సున్నానికి అయిపోయింది. అటు కరెంటు కంపెనీ మెసేజ్ అప్పటికే వచ్చి ఉంది, కాని అది పోయింది పుణేలో కొడుకు ఫోన్‌కు. ఎప్పుడో ఆ నంబరే ఎక్కించారు. కొడుకు చూసి చెప్పేసరికి వారం గడిచింది. బాకీ ఉంటే లైను కోసే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను చెబుతుంది. అందులో వారం అట్లా కరిగిపోయింది. లైను కోస్తే మళ్ళీ కలపడానికి వేరే ఖర్చు.

ఆమె ఇట్లా అడిగింది: "మీటరు నా పేరున ఉంది, కంపెనీకి జవాబు చెప్పేది నేనే. ఈ 2,484 నా మీద బాకీ. కాని ఇప్పుడు నా చేతిలో లేవు. మీ 864తో కలిపి మొత్తం మీరు కడతారా? ఆ పైసలు రెండు నెలల భాడలో పట్టుకోండి. కుదరకపోతే కాదని చెప్పండి, నాకేం కోపం లేదు. భిషీలో అడిగి తెస్త."

ఈ మాటల్లో రెండు విషయాలున్నాయి. ఒకటి, చివరికి ఆ బరువు ఎవరిదో ముందే తేల్చి చెప్పింది. "ఇప్పుడైతే కట్టండి, తర్వాత చూద్దాం" అనలేదు. భాడెకరులు భయపడేది ఆ "తర్వాత చూద్దాం"కే. రెండోది, కాదనడానికి దారి వదిలింది. ముందున్నవాళ్ళ పేరు ఆమె ఎత్తనే లేదు. ఎత్తితే ఏమయ్యేదో తర్వాత తెలిసింది. ముందున్నాయన ఖోలీ ఆమెకు పుట్టింటి వైపు చుట్టం. ఆ ఖోలీ ఖాళీ అవుతోందని చెప్పింది ఆయనే.

కొందరు యజమానులు "ఖోలీలో ఎవరుంటే వాళ్ళే కట్టాలి, అది కాయదా" అంటారు. ఆ మాట సగమే నిజం. పాత బాకీ ఆ జాగాను పట్టుకుని వస్తుందని, కొత్తగా వచ్చినవాళ్ళ నుంచి వసూలు చేయవచ్చని మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ సంఘం నిబంధనల్లో ఉన్నది నిజమే. అయితే కనెక్షన్ వారసులకు కాక వేరేవాళ్ళకు మారితే, ఆరు నెలల బాకీకి మించి వాళ్ళ మీద వేయకూడదని కూడా 2005 నాటి నిబంధనల్లో రాశారు. ఇదంతా కంపెనీకీ, కనెక్షన్ తీసుకునేవాళ్ళకూ మధ్య సంగతి. మీటరు యజమాని పేరునే ఉండి, లోపల భాడెకరు మాత్రం మారితే, కంపెనీ గ్రాహకుడు యజమానే. కాగితం మీద ఒప్పుకుంటే తప్ప, ముందున్నవాడి బాకీ వచ్చినవాడి మెడకు చుట్టడం కుదరదు.

ఖోలీ ఆయన ఒప్పుకున్నాడు, కాని ఒక కాగితం అడిగాడు. అడగడం మంచిదే అయింది. బిల్లు కడితే వచ్చే రశీదు మీద ఇంటామె పేరే ఉంటుంది. డబ్బు ఇచ్చింది ఆయన అనడానికి అందులో ఆనవాలు ఉండదు. ఇంటామె చెప్పగా పదో తరగతి చదివే పిల్ల రాసిన చీటీ ఇది:

"తేదీ జూలై 16. నా పేరున ఉన్న మీటరుకు ఈ నెల వచ్చిన లైట్ బిల్లు 3,348 రూపాయలు. ఇందులో మీరు దిగిన తర్వాత కాలినది 96 యూనిట్లు, 864 రూపాయలు, ఇది మీది. మిగతా 2,484 రూపాయలు మీరు రాకముందువి, ఇవి నేను ఇవ్వవలసినవి. లైను తెగకుండా మొత్తం బిల్లు మీరు కట్టారు. ఆగస్టు, సెప్టెంబరు భాడలో నెలకు 1,242 చొప్పున పట్టుకోవాలి. ఆ రెండు నెలలు భాడ 1,258 ఇస్తే చాలు. రశీదు మీ దగ్గరే ఉంటుంది."

కింద ఇంటామె వేలిముద్ర, ఖోలీ ఆయన సంతకం. చీటీకి బిల్లు జిరాక్సు కుట్టారు. చీటీలో ముందున్నవాళ్ళ గురించి ఒక్క అక్షరం లేదు. "ఎగ్గొట్టిన", "వదిలేసి పోయిన" అనే మాటలు రాయబోతే ఇంటామే వద్దందట. రేపు ఆ కాగితం ఎవరి కంట పడుతుందో ఎవరికి తెలుసు?

ముందున్నాయనకు ఆమె తర్వాత ఫోన్ చేసింది. బాకీ అని మొదలుపెట్టలేదు, బిల్లులోని తేదీలు, అంకెలు చదివింది. మే నెల బిల్లు తన చేతికే రాలేదని, మెట్ల మీద పడేసి పోతారని ఆయన అన్నాడు. అది నిజమే అయి ఉండొచ్చు, ఆ మెట్ల మీద నేనూ బిల్లులు చూశాను. రాఖీ పున్నమి ముందు వెయ్యి రూపాయలు పంపాడు. మిగతావి ఇంకా రాలేదు.

ఇప్పుడు మీటరుకు ఇంటామె తన నంబరే ఎక్కించుకుంది. ఖాళీ చేసేవాళ్ళకు డిపాజిట్‌లో 1,000 ఆపి, ఆ నెల బిల్లు వచ్చాక మిగిలింది ఇస్తానని ముందే చెబుతోంది. మొన్న దీపావళికి ఖోలీకి సున్నం వేశారు. తలుపు వెనక 4306 ఉన్నచోట మాత్రం వేయనివ్వలేదు.