తిని తాగితే ఎక్కదా?

మా పాఠశాలలో పదో తరగతికి జీర్ణవ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు ఏటా ఎవరో ఒక పిల్లవాడు లేచి అడుగుతాడు: "సార్, కడుపు నిండా తిని తాగితే ఎక్కదట, నిజమేనా?" తోటి పిల్లలు నవ్వుతారు. మేము మాత్రం నవ్వి ఊరుకోము. ఆ మాట వాడికి ఇంట్లోనో వీధిలోనో ఒక పెద్దమనిషి చెప్పి ఉంటాడు. ఆ పెద్దమనిషి ఆ మాట నమ్మి బండి నడుపుతూ ఉండవచ్చు. ఈ సంచికను చదివే చాలా ఇళ్లలో మద్యం గడప తొక్కదు. అయినా పెళ్లికి కట్టుకున్న కారు డ్రైవరు, రాత్రి ఎదురుగా వచ్చే లారీ, పక్కింటి తమ్ముడు అందరూ మనవాళ్లే కనుక ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

ఆ మాటలో సగం నిజం ఉంది. ఇబ్బంది ఆ సగంతోనే.

మద్యంలో మత్తు కలిగించే పదార్థం పేరు ఇథనాల్. దాన్ని అన్నం లాగా, మాంసం లాగా అరిగించవలసిన పని లేదు. అది ఉన్నది ఉన్నట్టుగానే పొర దాటి రక్తంలోకి పోతుంది. అయితే జీర్ణాశయం గోడ గుండా పోయేది తక్కువ, ఇంచుమించు ఐదో వంతు. మిగిలినదంతా చిన్నప్రేగులోనే పీల్చుకోబడుతుంది. చిన్నప్రేగు లోపలి గోడంతా ఆంత్రచూషకాలనే సన్నని వేళ్లతో నిండి ఉంటుంది కాబట్టి అక్కడ వైశాల్యం చాలా ఎక్కువ. ఇథనాల్ అక్కడికి చేరిందంటే రక్తంలోకి చేరినట్టే. కనుక ఎంత త్వరగా ఎక్కుతుందన్నది జీర్ణాశయం దాన్ని చిన్నప్రేగులోకి ఎంత త్వరగా వదులుతుందన్న దాని మీదే ముఖ్యంగా ఆధారపడుతుంది.

జీర్ణాశయం చివర ఒక కండరపు కవాటం ఉంటుంది. ఖాళీ కడుపున నీళ్లు తాగితే అది పెద్దగా అడ్డు చెప్పదు. తాగిన దానిలో సగం పావుగంట, ఇరవై నిమిషాలలోనే కిందికి దిగిపోతుంది. మద్యమూ అంతే. అదే కడుపులో బిర్యానీ ఉందనుకోండి, కవాటం బిగుసుకుంటుంది. ముద్దలన్నీ నలిగి, ఒకటి రెండు మిల్లీమీటర్ల రవ్వలై, గంజిలా మారేదాకా కొంచెం కొంచెంగానే వదులుతుంది. నూనె, నెయ్యి ఉన్న భోజనమైతే ఇంకా ఆలస్యం. మొత్తం ఖాళీ కావడానికి మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. ఆ భోజనంతో కలిసిపోయిన మద్యం కూడా అదే వరుసలో నిలబడాలి. నెయ్యి తాగితే కడుపుకు పూత పట్టి మద్యం లోపలికి దిగదని కొందరంటారు. పూతేమీ పట్టదు. కవాటం ఆలస్యం చేస్తుంది, అంతే.

ఈ ఆలస్యం వల్ల ఇంకొంచెం లాభం కూడా ఉంది. మద్యం మెల్లగా వచ్చినప్పుడు జీర్ణాశయపు గోడ, కాలేయం అందులో కొంత భాగాన్ని ఒళ్లంతా తిరగక ముందే విరిచేస్తాయి. తిన్నవారిలో కాలేయం పని కూడా కాస్త చురుగ్గా ఉంటుంది. అందుకే తిన్నవాడి రక్తంలో మద్యం శిఖరం తక్కువగా ఉంటుంది, ఆలస్యంగానూ వస్తుంది. అయితే వరుసలో నిలబడ్డది వెనక్కి పోదు. మిగిలిందంతా ఎప్పుడో ఒకప్పుడు కవాటం దాటవలసిందే.

ఒక లెక్క చూద్దాం. మన దగ్గర దొరికే విస్కీ సీసా మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. ఒక క్వార్టరు, అంటే 180 మిల్లీలీటర్లు, అంటే మూడు పెద్ద పెగ్గులు. అందులో ఇథనాల్ దాదాపు 61 గ్రాములు. డెబ్బై కిలోల బరువున్న ఇద్దరు మగవాళ్లు ఒక పెళ్లిలో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది లోపు చెరో క్వార్టరు తాగారనుకుందాం. మొదటివాడు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. రెండోవాడు ముందే కడుపు నిండా మటన్ బిర్యానీ తిన్నాడు. ఈ అంకెలు మనిషి మనిషికీ మారతాయి. ఇవి మేము వేసుకున్న సుమారు లెక్కలు మాత్రమే.

మొదటివాడి రక్తంలో తొమ్మిదింబావు ప్రాంతంలో 100 మిల్లీలీటర్లకు 110 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. తూలుతాడు, మాట తడబడుతుంది. చూసినవాళ్లు తాళంచెవి లాక్కుంటారు. రెండోవాడు ఆ సమయానికి నిలకడగానే ఉంటాడు. అతని శిఖరం 75 ప్రాంతంలో ఉంటుంది, అది వచ్చేది పది గంటలకు. సరిగ్గా అందరూ ఇళ్లకు బయలుదేరే వేళ! మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం హద్దు 30. అంటే తిన్నవాడు కూడా హద్దుకు రెట్టింపు దాటి ఉన్నాడు. పైగా మత్తు మెల్లగా ఎక్కినప్పుడు మనిషికి అంతగా తెలియదు. బ్రేకు తొక్కడంలో ఆలస్యం, ఎదుటి దీపాల దూరం తప్పుగా అంచనా వేయడం మాత్రం ఉంటాయి. "నేను బాగానే ఉన్నాను" అనే మాట అతను అబద్ధం చెప్పడం కాదు, అతనికి అలాగే అనిపిస్తుంది. మా దృష్టిలో ఇద్దరిలో రోడ్డుకు ఎక్కువ ప్రమాదం ఇతని వల్లనే.

ఇంకా కొందరు, ఎక్కలేదు కదా అని నాలుగో పెగ్గు పోసుకుంటారు. దానితో మరో ముప్పై దాకా కలిసి, ఆకలి కడుపున తాగినవాడి దగ్గరికే వెళ్తారు. తిండి ఇచ్చిన లాభమంతా ఆ ఒక్క పెగ్గుతో ఖర్చయిపోతుంది.

దిగడం సంగతి కూడా చెప్పాలి. అడుగున చిన్న చిల్లు ఉన్న బకెట్టు వంటిది మన శరీరం. పైనుంచి ఎంత పోసినా చిల్లు పెద్దది కాదు. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గిస్తుంది. ఆ లెక్కన మొదటివాడు 30కి దిగేసరికి రాత్రి రెండున్నర అవుతుంది. రెండోవాడికి కూడా, కడుపులో ఇంకా దిగుతూ ఉన్నది కలుపుకొంటే, ఒంటిగంట దాటుతుంది. తాగాక తినడం, మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం ఏవీ ఈ చిల్లును పెద్దది చేయవు.

నిండు కడుపుతో తాగి పడిపోయినవాడి విషయంలో ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. "పడుకున్నాడులే, పొద్దున్నకు దిగుతుంది" అని తలుపు వేసి వెళ్తారు. తాగడం ఆపేసినా కడుపులో మిగిలినది దిగుతూనే ఉంటుంది కనుక పడుకున్నాక కూడా మత్తు పెరగవచ్చు. వాంతి అయితే ఆ అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అతన్ని వెల్లకిలా కాక ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఎవరైనా పక్కన కూర్చోవాలి. తట్టినా గిల్లినా లేవకపోతే, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు ఊపిరి తీస్తుంటే, లేదా పెదవులు నీలంగా మారుతుంటే, తెల్లవారేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. వచ్చినవారికి ఎంత తాగాడో, ఎప్పుడు తాగాడో, ముందు ఏం తిన్నాడో దాచకుండా చెప్పాలి.