‘మాట్లాడదాంలే’ అంటే ఎవరు, ఎప్పుడు?

జూలై 9, గురువారం. రాత్రి ఏడున్నర. హైదరాబాద్‌లో ఇద్దరు ఫౌండర్లు, బెంగళూరులో ఒక సీడ్ ఫండ్ ప్రతినిధి, విజయవాడలో డెయిరీ రంగం ఎరిగిన పెద్దాయన, డాలస్‌లో అప్పుడే ఉదయం తొమ్మిదైన ఒక ఎన్నారై. ఊళ్లలో పాలు సేకరించే కేంద్రాల్లో ఉండే బల్క్ కూలర్లకు సెన్సర్లు బిగించే చిన్న కంపెనీ వీళ్లది. పాల చల్లదనం నాలుగు డిగ్రీల దగ్గర నిలవకపోతే కేంద్రం చూసుకునేవాళ్ల ఫోన్‌కు వెంటనే కబురు వెళ్తుంది. పెట్టుబడి పెట్టినవాళ్లకు నెలకోసారి ముప్పావుగంట సేపు కంపెనీ పరిస్థితి చెప్తారు. ఆ కాల్‌లో నోట్సు రాసే పని నాది.

మొదట్లో నేను రాసినవి రెండేసి పేజీలు వచ్చేవి. ఎవరేమన్నారో వరుసగా, పొల్లు పోకుండా ఉండేది. అయినా పై నెల కాల్‌లో అవే ప్రశ్నలు మళ్లీ వచ్చేవి. ‘పోయినసారే అడిగాను కదా’ అని ఫండ్ ప్రతినిధి అన్నప్పుడు నా రెండు పేజీలు తిరగేస్తే ఆయన ప్రశ్న అందులో కనిపించింది కానీ, దానికి జవాబు ఎవరు పంపాలో లేదు. మాటలన్నీ దొరికాయి, పని దొరకలేదు. అప్పటి నుంచి సంభాషణ రాయడం మానేశాను. ఎవరు ఏమి అడిగారు, ఎవరు ఏమి చేస్తామని ఒప్పుకున్నారు, కంపెనీ ఏ తేదీకి ఎక్కడికి చేరాలి అన్నవి మాత్రమే ఏరుతున్నాను. ఏరడం మొదలుపెట్టాక తెలిసింది, కష్టం రాయడంలో లేదు, ఒక మాట ఈ మూడింటిలో దేనికి చెందుతుందో తేల్చడంలో ఉందని.

ఆ రాత్రి మాటే చూడండి. కర్నూలు వైపు ఒక డెయిరీలోకి ప్రవేశం దొరకడం లేదని ఫౌండర్ చెప్పగానే విజయవాడ పెద్దాయన, ‘అక్కడి జీఎం మనవాడే, మాట్లాడదాంలే’ అన్నారు. ఫౌండర్ సంతోషంగా ‘థాంక్యూ సార్’ అనేసి తర్వాతి స్లయిడ్‌కు వెళ్లబోయాడు. నేను ఆపాను. తెలుగులో ‘మాట్లాడదాం’ అనే మాటకు కర్త ఎవరో తెలియదు. నేను మాట్లాడతానని కావచ్చు, మనందరం ఎప్పుడైనా కలిసి వెళ్దామని కావచ్చు, ప్రస్తుతానికి ఈ సంగతి వదిలేద్దామని కూడా కావచ్చు. ‘సార్, మీరే ఆయనకు మెయిల్ పెడతారా, లేక మా నుంచి ముందు ఏమైనా కావాలా?’ అని అడిగాను. ‘మీరేం చేస్తారో నాలుగు ముక్కల్లో రాసివ్వండమ్మా, దాన్నే ఆయనకు పంపిస్తాను. ఊరికే ఫోన్ చేసి నేనేం చెప్పను?’ అన్నారాయన.

అంటే మొదటి అడుగు వేయాల్సింది ఆయన కాదు, మేము. ఆ ఒక్క ప్రశ్న వేయకపోతే నెలంతా ఆయన మెయిల్ కోసం మేమూ, మా నాలుగు ముక్కల కోసం ఆయనా ఎదురుచూసేవాళ్లం. నోట్‌లో అది రెండు వరుసలైంది. ‘డెయిరీ జీఎంకు పంపదగిన ఒక పేరా: ఫౌండర్, జూలై 14 మంగళవారం లోపు. ఆ పేరా అందాక పరిచయం చేస్తూ మెయిల్: విజయవాడ సార్, జూలై 17 శుక్రవారం లోపు.’ రెండోది మొదటిదాని మీద ఆధారపడిందని పైకి కనిపించాలి. ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో అప్పుడే తెలుస్తుంది. ఫౌండర్లు ‘ఇన్వెస్టర్లు సాయం చేస్తామంటారు, చేయరు’ అని బాధపడటం నేను చాలాసార్లు విన్నాను. వెనక్కి వెళ్లి చూస్తే అందులో చాలావాటికి ముందు అడుగు తమ దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

డబ్బు మాట ఇంకా సున్నితం. డాలస్ ఆయన హుషారుగా, ‘తమ్ముడూ, పై రౌండ్‌లో నేనూ ఉంటా, ఇరవై లక్షలు వేసుకో’ అన్నారు. ఆ మాట నిజమే, ప్రేమా నిజమే. కానీ ఆ రౌండ్‌కు ధర కట్టే ప్రధాన పెట్టుబడిదారు ఇంకా లేరు, కాగితం లేదు. బ్యాంకులో ఉన్నది కోటీ 8 లక్షలు. రాబడి పోగా నెలకు చేతి నుంచి పడుతున్నది 12 లక్షలు. అంటే తొమ్మిది నెలలు. దీన్నే రన్‌వే అంటారు. ఆ ఇరవై కలిపి చూస్తే పదిన్నర నెలలు దాటుతుంది. ఆ ధైర్యంతో నెలకు మరో మూడు లక్షల జీతాలు నెత్తికెత్తుకుని, తీరా ఆ డబ్బు రాకపోతే మిగిలేది ఏడు నెలల చిల్లర. అందుకే దాన్ని ఒప్పుకున్న పనుల్లో రాయలేదు. ‘20 లక్షలకు ఆసక్తి తెలిపారు. రౌండ్ ధర తేలాక నిర్ణయం. రన్‌వేలో కలపలేదు’ అని విడిగా రాశాను.

ఇలాంటిదే ఇంకొకటి. కొత్త షేర్లు ఇవ్వడం, పెద్ద అప్పు చేయడం వంటి వాటికి ఇన్వెస్టర్ల రాతపూర్వక అనుమతి కావాలని షేర్‌హోల్డర్ల ఒప్పందంలో సాధారణంగా ఉంటుంది. కాల్‌లో ‘కానివ్వండి’ అన్నంత మాత్రాన అది అనుమతి కాదు. ఈ నోట్ బోర్డు మినిట్స్ కూడా కాదు. వాటికి 2013 కంపెనీల చట్టం ప్రకారం వేరే పద్ధతి, 30 రోజుల గడువు ఉన్నాయి. అలాంటి విషయం వస్తే ‘రాతపూర్వక అనుమతి కోరాలి’ అన్నదే ఒక పనిగా రాస్తాను, దాని పక్కన మనిషి పేరూ తేదీ పెడతాను.

ఇక మైలురాయి. ‘ఆగస్టుకి అరవై కూలర్లు’ అన్నాడు ఫౌండర్. ఫండ్ ప్రతినిధి వెంటనే, ‘ఇప్పుడున్న నలభైలో డబ్బు కడుతున్నవి ఎన్ని?’ అని అడిగారు. లెక్క తీస్తే ఇరవై ఆరు. మిగతావి ఉచిత ట్రయల్‌లో ఉన్నాయి. సంతకమైన కూలర్, బిగించిన కూలర్, బిల్లు కట్టిన కూలర్ మూడూ ఒకటి కావు. ఏది లెక్కో ఆ రాత్రే తేల్చుకోకపోతే నెల తిరిగాక ఇద్దరూ నిజమే చెబుతూ గొడవపడతారు. చివరికి ఇలా రాశాం: ‘ఆగస్టు 10 నాటికి 38 కూలర్లు, కనీసం ఒక నెల బిల్లు కట్టినవి. రుజువు: బ్యాంకులో జమ.’ అరవై కంటే ముప్పై ఎనిమిది చిన్నదే. కానీ దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయడం కూడా అనుభవంతో నేర్చుకున్నదే. 10/8 అని రాస్తే డాలస్‌లో అది అక్టోబరు 8 అవుతుంది.

కాల్ ముగియడానికి ఐదు నిమిషాల ముందు ఈ వరుసలన్నీ పైకి చదువుతాను. ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్లు ‘అవును’ అనాలి. ఆ రోజు చదువుతుంటే ఫండ్ ప్రతినిధి, ‘ట్రయల్ కేంద్రాల జాబితా కావాలన్నది నేను ఊరికే తెలుసుకుందామని అడిగింది, తీసేయండి’ అన్నారు. ఒక మనిషికి రెండు రోజుల పని తప్పింది. మరుసటి రోజు మధ్యాహ్నం లోపు నోట్ అందరికీ మెయిల్‌లో వెళ్లింది. తప్పులుంటే సోమవారం లోపు చెప్పమని పైనే రాశాను.

ఆగస్టు కాల్ ఆ నోట్‌తోనే మొదలైంది. పేరా పద్నాలుగున వెళ్లింది. మెయిల్ పదిహేడుకు బదులు ఇరవయ్యో తేదీన వెళ్లింది. బిల్లు కట్టిన కూలర్లు ముప్పై మూడు. పాత తేదీ, పాత అంకె చెరపలేదు. వాటి పక్కనే కొత్తవి, మధ్యలో కారణం రాశాం: రెండు కేంద్రాల్లో కరెంటు పోయినప్పుడల్లా సెన్సర్ ఆగిపోతోందని ఐదు కూలర్ల బిల్లు ఆపేశారు. ‘కరెంటు లేకపోయినా ఆరు గంటలు నడిచే బ్యాటరీ: రెండో ఫౌండర్, ఆగస్టు 28’ అన్నది ఆ నెల నోట్‌లో మొదటి వరుస.