పట్టికలో పట్టని పీర్ల పండగ

ఇది కథే. అయితే ఇందులో జరిగేవన్నీ రాయలసీమ పల్లెల్లో మొహర్రం నెలలో కనబడేవే. కథలో అమ్మాయి డిగ్రీలో సోషియాలజీ చదువుతోంది. ఆమె పాఠ్యపుస్తకంలో మతాలూ పండగల పట్టిక ఒకటి ఉంది. దసరా, దీపావళి హిందువులవి. రంజాన్, మొహర్రం ముస్లింలవి. మొహర్రం పక్కన ఒకే వాక్యం: క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన ఇమామ్ హుస్సేన్‌ను తలచుకుని ముస్లింలు శోకం పాటించే రోజు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. పరీక్షలో అది రాస్తే మార్కులు కూడా పడతాయి.

క్షేత్ర పరిశీలన కోసం ఆమె అనంతపురం జిల్లాలో ఒక పల్లెకు వెళ్లింది. మొహర్రం తొమ్మిదో రోజు సాయంత్రానికి పీర్ల సావిడి ముందు ఊరంతా చేరింది. సావిడి లోపల వెదురు కర్రలకు బిగించిన ఇత్తడి, వెండి పీర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కొన్ని అరచేయి ఆకారంలో ఉన్నాయి. ఆ అయిదు వేళ్లను ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుస్సేన్‌లకు గుర్తుగా చెబుతారు. కర్రల నిండా రంగురంగుల దట్టీలు. మొక్కుకున్న వాళ్లు ఒక్కొక్కరూ వచ్చి గుడ్డ చుట్టి, బెల్లమూ పుట్నాలూ ముజావర్ చేతిలో పెడుతున్నారు. ఆయన ఊదు వేసి, ఫాతెహా చదివి, కొంత తీసి పళ్లెం తిరిగి ఇస్తున్నాడు.

వాళ్లలో చాలామంది నుదుటన కుంకుమ ఉంది. కొబ్బరికాయ కొట్టేవాళ్లు కొడుతున్నారు. ఆమె పక్కన కూర్చున్న అవ్వ మనవణ్ణి ముందుకు తోస్తూ, “హుస్సేనప్పా, సామికి మొక్కురా” అంది. పిల్లాడి ఇంటి దేవుడు ఆంజనేయుడు. కోడలికి కానుపులు నిలవకపోతే పీరుకు మొక్కుకున్నారట. పిల్లాడు దక్కాడు కనుక ఆయన పేరే పెట్టారు. ఆ వైపు ఊళ్లలో హుస్సేనప్ప, ఫకీరప్ప, కుళ్లాయప్ప, మస్తానమ్మ అన్న పేర్లు హిందూ ఇళ్లలో కొత్తేమీ కాదు. నార్పల మండలం గూగూడులోని కుళ్లాయప్ప సామి దగ్గరికి మొహర్రానికి వేల మంది వస్తారు. వచ్చేవాళ్లలో హిందువులే చాలామంది.

“అవ్వా, ఇది తురకల పండగ కదా?” అని అమ్మాయి అడిగింది.

“పండగకు తురకలేంది పాపా, ఊరిది.”

ఆ రాత్రంతా సావిడి ముందు గుండం కాలింది. దుంగలు తలా ఒక ఇంటి నుంచి వచ్చాయి. తప్పెట్ల చప్పుడుకు కుర్రాళ్లు గుండం చుట్టూ కాలు కలిపి ఆడారు. అదే సమయంలో ఒక ముసలాయన హుస్సేన్ దాహంతో పడ్డ బాధ గురించి పాట ఎత్తుకుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పుస్తకం శోకం అంది. ఆమె శోకాన్నీ చూసింది, జాతరనూ చూసింది. రెండూ ఒకే జాగాలో, ఒకే గంటలో జరిగాయి. తెల్లవారుజామున పీర్లను ఎత్తుకున్నవాళ్లు నిప్పుల మీద నడిచారు. పదో రోజు సాయంత్రం ఊరేగించి, నీళ్ల దగ్గర పీర్లకు స్నానం చేయించి, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశారు. దారి పొడవునా కుండల్లో పానకం పంచారు. కర్బలాలో నీళ్లు దొరకని వాళ్ల పేరు మీద అది పంచుతారు.

ఇక్కడితో ఆపితే కథ సులువుగా ముగుస్తుంది. ఆ అమ్మాయి కూడా నోటుపుస్తకంలో “హిందూ ముస్లిం ఐక్యతకు ప్రతీక” అని రాసి కింద గీత గీసింది. నా దృష్టిలో అసలు చదువు మొదలైంది ఆ గీత తర్వాతే. ఎందుకంటే ఆ మాట కూడా పుస్తకం వాక్యంలాగే నున్నగా ఉంది.

మర్నాడు ఆమె మసీదు వీధికి వెళ్లింది. అక్కడ ఇంజనీరింగ్ చదివిన ఒక యువకుడు చాలా మర్యాదగా చెప్పాడు: “మేము తొమ్మిది, పది తేదీల్లో ఉపవాసం ఉంటామక్కా. పీర్లకు మొక్కడం మా దీన్‌లో లేదు.” అతని నానమ్మ మాత్రం ముందు రోజు రాత్రి మలీద గిన్నె పట్టుకుని సావిడి మెట్ల మీదే కూర్చుంది. ఒకే ఇంట్లో రెండు మొహర్రాలు! గూగూడు పండగ మీద ఏళ్ల తరబడి పనిచేసి 2013లో ఇంగ్లిష్‌లో పుస్తకం వెలువరించిన అఫ్సర్ మహమ్మద్ కూడా, ఊరు కలిసి చేసుకునే భక్తితో పాటు ‘అసలైన ఇస్లాం ఏది’ అన్న ఈ వాదననూ పట్టించుకున్నారు.

ఇంకొకటి కూడా ఆమె గమనించింది. రాత్రంతా తప్పెట కొట్టిన వాళ్లు సావిడి గడప దాటలేదు. వాళ్ల దట్టీలు లోపలికి వెళ్లాయి, కట్టినవి మాత్రం వేరే చేతులు. అడిగితే, “మా జాగా ఎప్పుడూ ఇక్కడేమ్మా” అన్నారు. ఊరిదే పండగ అన్న అవ్వ మాట అబద్ధం కాదు. కానీ ఆ ఊళ్లో ఎవరి చోటు ఎక్కడో పండగ చెరిపేయలేదు. ఈ కట్టుబాట్లు ఊరూరికీ మారతాయి. అందుకే ఒక సావిడిని చూసి ఇంకో సావిడి గురించి చెప్పడం కుదరదు.

ఆమె మాస్టారు కాగితాలు చూసి ఒక్క పని చెప్పారు. పుస్తకంలో ఎడమ పేజీ నిండా కంటితో చూసింది రాయాలి: కట్టెలు ఎవరు తెచ్చారు, నిప్పు ఎవరు పెట్టారు, పీరు ఎవరు ఎత్తారు, మలీద ముందుగా ఎవరి చేతిలో పడింది. కుడి పేజీలో ఎవరు ఏమన్నారో, వాళ్ల వయసూ వీధీ వేసి, వాళ్ల మాటల్లోనే రాయాలి. తన అభిప్రాయం వేరే కాగితం మీద. అలా విడగొట్టి చూసుకుంటే ‘ఐక్యత’ అన్న మాట ఎడమ పేజీలోనూ లేదు, కుడి పేజీలోనూ లేదు. అది ఆమె వెంట తెచ్చుకున్నది. గుండం ఎందుకని అడిగితే వచ్చిన జవాబులు కూడా మూడు రకాలు. సామి కోసమని అవ్వ, రాత్రి మేలుకోవడానికని ముజావర్, తాతల నాటి నుంచి ఉందని కట్టెలు కొట్టినాయన. ఇందులో ఏది సరైనదో తేల్చడం ఆమె పని కాదు. ఎవరు ఏది అన్నారన్నదే ఆమెకు దొరికిన సమాచారం.

మరి పుస్తకంలోకి ఆ పట్టిక ఎలా వచ్చింది? మనిషికి ఒకే మతం గడి అన్న పద్ధతిని బలంగా పాతింది బ్రిటిష్ కాలపు జనగణన. 1911లో గుజరాత్‌లో కొందరిని ‘హిందూ మహమ్మదీయులు’ అని నమోదు చేస్తే, అలా కుదరదని, ఏదో ఒక గడిలోకి మార్చాలని పైఅధికారి మందలించాడు. గడులు పాలనకు పనికొచ్చాయి. తర్వాత పాఠాలు కూడా అవే గడుల్లో రాశారు. పదో తరగతి పిల్లలకు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కనుక పట్టిక ఉండవచ్చు. డిగ్రీకి వచ్చాక కూడా దాని కింద ‘ఊరూరా ఇది మారుతుంది’ అన్న ఒక్క వాక్యం లేకపోవడం మాత్రం పుస్తకం లోపమే.

మొహర్రం చాంద్రమాన పండగ. అధికమాసం లెక్క లేదు కనుక ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక ఏడు వేరుశనగ విత్తే రోజుల్లో, కొన్నేళ్లకు మండుటెండల్లో వస్తుంది. మీ ఊళ్లో పీర్ల సావిడి ఉంటే, ఈసారి నెలవంక కనబడ్డ రోజు నుంచి ఆ రెండు పేజీలు మీరూ రాయండి. గడప లోపల ఉన్నవాళ్లనే కాదు, బయట నిలబడ్డవాళ్లనూ, అసలు రానివాళ్లనూ అడిగి రాయండి.